మూడ్ పాడైతే సిగరెట్ గుర్తొస్తుందా? ఎప్పుడు అడగాలి, జవాబుల్ని ఎలా లెక్కకట్టాలి

అందరికీ నమస్కారం. ఎకలాజికల్ మొమెంటరీ అసెస్‌మెంట్ గురించి మాట్లాడమన్నారు. పేరు పెద్దది కాబట్టి మనం ఈఎంఏ అనుకుందాం. మనుషుల్ని వాళ్ళ మామూలు జీవితంలోనే, రోజులో చాలాసార్లు ఫోన్ మోగించి, ఆ క్షణంలో ఎలా ఉన్నారో అడగడమే ఈ పద్ధతి. మొత్తం పద్ధతిని ఒక గంటలో చెప్పడం కుదరదు, అందుకని ఒకే ప్రశ్న పట్టుకుని చివరిదాకా వెళ్తాను. మనసు బాగోలేనప్పుడు సిగరెట్ తాగాలనిపిస్తుందా, అనిపిస్తే ఎంతసేపటికి అనిపిస్తుంది? ఈ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు రావాలంటే ఫోన్ ఎప్పుడు మోగాలి, మోగినప్పుడు జవాబివ్వనివాళ్ళని ఏం చేయాలి, చివరికి డేటాని ఎలా విడదీయాలి, అన్నీ అందులోనే వస్తాయి.

క్లినిక్‌లో ఎవర్ని అడిగినా "అవునండీ, టెన్షన్ వస్తే కాలుస్తాను" అనే అంటారు. అబద్ధమేం కాదు, వాళ్ళకి గుర్తున్నది అదే. రోజుకి పదిహేను కాల్చేవాడికి అందులో పన్నెండు గుర్తుండవు, టీ తాగుతూనో బస్సు కోసం నిలబడో కాల్చేసి ఉంటాడు. ఆఫీసులో గొడవయ్యాక కాల్చిన ఒక్కటి మాత్రం గుర్తుంటుంది. మనం నెలాఖరున ఫారం ఇచ్చి "ఎప్పుడు కాలుస్తారు" అని అడిగితే ఆ ఒక్కటే పదిహేనింటికీ ప్రతినిధి అయిపోతుంది. గుర్తుతెచ్చుకుని చెప్పిన సంఖ్యలు కూడా అంతే, షిఫ్‌మన్ 2009లో చూపించినట్టు, గడిచిన రోజుల్ని తలుచుకుని చెప్పమంటే జవాబులు 10, 20 దగ్గర గుంపుగా పడతాయి, ఎప్పటికప్పుడు నమోదు చేసినవాటిలో ఆ గుంపులు కనపడవు.

ఈ సాల్ షిఫ్‌మన్ పిట్స్‌బర్గ్‌లో పనిచేసినాయన. ఆర్థర్ స్టోన్, ఆయన కలిసి 1994లో ఈ పద్ధతికి ఈఎంఏ అని పేరు పెట్టారు. అంతకుముందు 1970ల్లోనే చిక్సెంట్‌మిహాయి, లార్సన్ పేజర్లిచ్చి ఇలాంటి పని చేశారు. షిఫ్‌మన్ బృందం 2002లో అచ్చువేసిన స్టడీలో సుమారు 300 మంది పొగతాగేవాళ్ళ చేతికి చిన్న పామ్‌టాప్ కంప్యూటర్ ఇచ్చారు. సిగరెట్ వెలిగించినప్పుడల్లా నమోదు చేయాలి. అది కాకుండా మిషన్ తనంతట తాను అనుకోని వేళల్లో మోగి, కాల్చని క్షణాల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే క్రేవింగ్‌కీ, అంటే కాల్చాలన్న కోరికకీ, సిగరెట్‌కీ గట్టి సంబంధం కనిపించింది, చెడ్డ మూడ్‌కీ సిగరెట్‌కీ మాత్రం కనిపించలేదు. అది మానేసే ప్రయత్నంలో లేని మామూలు రోజుల సంగతని గుర్తుంచుకోండి.

మరి మానేశాక? అక్కడే నాకు ఈ రంగం మొత్తంలో బాగా నచ్చిన ఫలితం ఉంది. 2004లో షిఫ్‌మన్, వాటర్స్ మానేసినవాళ్ళు మళ్ళీ సిగరెట్ వెలిగించి జారిన సందర్భాల్ని తీసుకున్నారు. ముందు రోజులతో పోల్చి చూస్తే, అంటే ఒక రోజు మూడ్‌నీ మర్నాడు జారడాన్నీ కలిపి చూస్తే, ఏమీ లేదు. అదే రోజు లోపల గంటలవారీగా చూస్తే, టెన్షన్ వల్ల జారిన సందర్భాల్లో జారడానికి ముందు కొన్ని గంటల్లో మూడ్ దిగజారుతూ వచ్చింది. అదే మనుషులు, అదే సిగరెట్లు. రోజుకి ఒక్కసారి రాత్రి పడుకునేముందు అడిగే డైరీ పెట్టి ఉంటే "మూడ్‌కీ దీనికీ సంబంధం లేదు" అని తేల్చి పేపరు రాసేసేవాళ్ళం. అందుకే నేను ఎవరు ప్రపోజల్ తెచ్చినా మొదట షెడ్యూల్ పేజీ తీస్తాను. మీరు వెతుకుతున్నది నిమిషాల్లో జరిగేదా, గంటల్లో జరిగేదా, రోజుల్లో జరిగేదా? అది తేలకుండా రోజుకి ఐదు బీప్‌లా ఎనిమిదా అని కొట్టుకోవడం దండగ.

సరే, మనమే ఒక స్టడీ వేసుకుందాం. 60 మంది, 14 రోజులు, మొదటి వారం మామూలుగా కాలుస్తారు, రెండో వారం మొదటి రోజున మానేస్తారు. పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా 14 గంటలు. దాన్ని ఐదు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 168 నిమిషాలు. ఒక్కో భాగంలో ఏదో ఒక నిమిషాన ఫోన్ మోగుతుంది, ఏ నిమిషమో ముందుగా ఎవరికీ తెలియదు, రెండు బీప్‌ల మధ్య కనీసం 45 నిమిషాలు ఉండాలని నియమం పెడతాం. పూర్తిగా రాండమ్‌గా వదిలేస్తే ఒక్కోసారి మధ్యాహ్నమే నాలుగు మోగి సాయంత్రం అంతా ఖాళీగా పోతుంది. పోనీ ఫిక్స్‌డ్ టైములు పెడదామా అంటే, పదకొండింటికీ నాలుగింటికీ టీకి వెళ్ళి కాల్చే మనిషిని తలుచుకోండి. 11:00, 4:00 అని పెడితే ప్రతిసారీ టీకొట్టు దగ్గరే దొరుకుతాడు. 12:00, 5:00 అని పెడితే ఒక్కసారీ దొరకడు. పైగా రెండు రోజులయ్యేసరికి బీప్ ఎప్పుడొస్తుందో తెలిసిపోయి దానికి తగ్గట్టు మనిషి సర్దుకుంటాడు.

ఈ ఐదు కాక, సిగరెట్ వెలిగించే ముందు బటన్ నొక్కమంటాం. ముందు అన్న మాట మీద నేను చాలా పట్టుబడతాను. ఎందుకంటే మొదటి వారంలో చాలామంది రెండు దమ్ములు లాగాక నొక్కుతారు, అప్పటికి క్రేవింగ్ సగం తీరిపోయింది, పదికి రెండు అని పెడతారు. డేటాలో చూస్తే క్రేవింగ్ లేకుండానే కాల్చినట్టు ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. "వెలిగించారా, ఇంకా లేదా" అని మొదటి ప్రశ్నగా పెట్టండి, వెలిగించేశాం అన్న ఎంట్రీల్ని విశ్లేషణలో వేరుగా ఉంచండి. ఆ రెండు గుంపుల్లో క్రేవింగ్ సగటు బాగా తేడాగా ఉంటే శిక్షణ సరిగ్గా అందలేదని అర్థం.

ఇంక రాండమ్ బీప్‌లు ఎందుకు, సిగరెట్ ఎంట్రీలు చాలవా అని అడుగుతుంటారు. ఒక రోజు రికార్డు ఊహించుకోండి. ఒకాయన 9:10కి, 11:05కి, 1:50కి, 4:15కి కాల్చాడు. నాలుగుసార్లూ చిరాకు పదికి ఆరు. చిరాకుతోనే కాలుస్తున్నాడని అనిపిస్తుంది కదా. ఇప్పుడు అదే రోజు బీప్‌లు చూడండి: 8:52, 12:20, 3:01, 6:33, 9:05. కాల్చని ఆ ఐదు క్షణాల్లోనూ చిరాకు ఆరే. అంటే ఆయన రోజంతా చిరాకుగానే ఉన్నాడు, సిగరెట్ దానికి జవాబు కాదు. కాల్చని క్షణాల రికార్డు లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. సిగరెట్ల దగ్గర మాత్రమే అడిగి చెడ్డ మూడ్ కారణమని రాసిన థీసిస్‌లు ఇప్పటికీ వస్తున్నాయి, చూసినప్పుడల్లా ఆ విద్యార్థి రెండేళ్ళ కష్టం తలుచుకుని బాధేస్తుంది.

ఇంకో చిక్కు. బీప్‌ల మధ్య సగటున మూడు గంటలు దూరం. క్రేవింగ్ ఉధృతంగా వచ్చి తగ్గిపోవడానికి చాలాసార్లు కొన్ని నిమిషాలే పడుతుంది. మరి చిరాకు వచ్చిన పావుగంటలో క్రేవింగ్ పెరిగిందా అని మూడు గంటల దూరంలో ఉన్న రెండు బీప్‌లతో ఎలా తెలుస్తుంది? తెలియదు. దీనికి కొందరు తెలివైన ఏర్పాటు చేస్తారు, చిరాకు ఎక్కువ పెడితే పావుగంటకి ఒకటి, అరగంటకి ఒకటి చిన్న ఫాలో-అప్ ప్రశ్న పంపిస్తారు. మంచిదే, కానీ చిరాకు లేనప్పుడు కూడా కొన్నిసార్లు, లాటరీ వేసినట్టు, అవే ఫాలో-అప్‌లు పంపాలి. లేకపోతే చిరాకు తర్వాతి పావుగంటని దేంతో పోల్చాలో మన దగ్గర ఉండదు, పైగా చిరాకు ఎక్కువ పెడితే ఎక్కువ ప్రశ్నలొస్తాయని రెండో రోజుకే కనిపెట్టి తక్కువ పెట్టడం మొదలెడతారు.

ఇక జవాబులివ్వడం, అదే కంప్లయన్స్. ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన స్టడీ ఒకటుంది, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్టోన్, షిఫ్‌మన్ వాళ్ళదే. దీర్ఘకాలిక నొప్పి ఉన్న 80 మంది, సగం మందికి కాగితం డైరీ, సగం మందికి ఎలక్ట్రానిక్ డైరీ, మూడు వారాలు, రోజుకి మూడు ఎంట్రీలు. కాగితం డైరీ అట్టలో ఒక లైట్ సెన్సర్ దాచిపెట్టారు, ఎప్పుడు తెరిచారో ఎప్పుడు మూశారో అది రాసుకుంటుంది. డైరీలో రాసిన టైముల ప్రకారం 90 శాతం ఎంట్రీలు వేళకే రాశారు. సెన్సర్ ప్రకారం నిజంగా వేళకి రాసినవి 11 శాతం. డైరీని అసలు తెరవని రోజులకి కూడా ఎంట్రీలు నిండుగా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ డైరీ వాళ్ళది 94 శాతం. ఈ స్టడీ చదివాక నేను కాగితం డైరీ అంకెల్ని నమ్మడం మానేశాను. ఫోన్‌లో అయితే బీప్ మోగిన పది పదిహేను నిమిషాల్లో జవాబివ్వకపోతే ఆ ప్రశ్న మూసుకుపోవాలి, తర్వాత తీరిగ్గా నింపే వీలు ఉండకూడదు.

పొగ, మద్యం, డ్రగ్స్ వాడేవాళ్ళ మీద జరిగిన ఈఎంఏ స్టడీలన్నీ కలిపి జోన్స్ బృందం 2019లో లెక్కవేస్తే సగటు కంప్లయన్స్ సుమారు 75 శాతం వచ్చింది. మరి 75 శాతం అంటే బాగానే ఉన్నట్టా? మన స్టడీలోనే చూద్దాం. 60 మంది, 14 రోజులు, రోజుకి 5, మొత్తం 4,200 బీప్‌లు. 75 శాతం అంటే 3,150 జవాబులు. వినడానికి బాగుంది. కానీ మన ప్రశ్న ఈ బీప్ నుంచి తర్వాతి బీప్‌కి ఏమైందన్నది, కాబట్టి మనకి కావాల్సింది జంటలు. ఒక రోజులో ఐదు బీప్‌లకి నాలుగు జంటలే, రాత్రి దాటిన జంట పనికిరాదు, మధ్యలో నిద్ర ఉంది. మొత్తం 3,360 జంటలు. రెండింటికీ జవాబు వచ్చే అవకాశం 0.75 ఇంటూ 0.75, అంటే 56 శాతం చిల్లర. చేతికొచ్చేవి 1,890. మిస్సయినవి గుంపుగా మిస్సవుతాయి కాబట్టి నిజంలో ఈ అంకె కాస్త పెరగొచ్చు, అయినా శాంపుల్ సైజు వేసేటప్పుడు 4,200 చూసి మురిసిపోకుండా ఈ జంటల లెక్క వేసుకోండి.

అంతకన్నా పెద్ద భయం ఏ జవాబులు పోయాయన్నది. మానేసిన నాలుగో రోజు సాయంత్రం ఫ్రెండ్స్‌తో కూర్చుని జారిన మనిషి ఆ సాయంత్రం బీప్‌కి జవాబిస్తాడా? మనకి ఏ క్షణం కావాలో సరిగ్గా ఆ క్షణమే మాయమవుతుంది. దీన్ని పూర్తిగా పట్టుకోలేం, కానీ నీడ కనపడుతుంది. జవాబిచ్చిన ప్రతి బీప్ దగ్గరి క్రేవింగ్ తీసుకుని, అది ఎక్కువగా ఉన్నప్పుడు తర్వాతి బీప్ మిస్సయ్యే అవకాశం పెరుగుతోందా చూడండి. సాయంత్రాల్లో ఎక్కువ పోతున్నాయా, మానేసిన రోజు తర్వాత పోతున్నాయా, ఇవి కూడా. సంబంధం ఉందని తేలితే ఆ గంట, ఆ రోజు, ముందటి క్రేవింగ్ అన్నీ మోడల్‌లో ఉండాలి, ఫలితం రాసేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పాలి. ఇంకో చిన్న ఏర్పాటు కూడా చేయొచ్చు. పొద్దున మొదటి బీప్‌లో "నిన్న చివరి జవాబు తర్వాత కాల్చారా" అని ఒక ప్రశ్న పెడితే, వివరాలు దొరక్కపోయినా జారారన్న విషయమైనా దొరుకుతుంది. బటన్ నొక్కని సిగరెట్లకైతే హారమే తెలియదు కాబట్టి కంప్లయన్స్ శాతం అసలు వేయలేం, అందుకే మధ్యమధ్యలో ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచి ఆ రోజు ఎంట్రీలతో పోల్చి చూస్తారు.

మిస్సయిన ప్రతిదీ మనిషి తప్పని అనుకోకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వాడని యాప్‌ని పడుకోబెట్టేస్తాయి, బీప్ మోగదు, లేదా ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆలస్యంగా మోగుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మీ రాండమ్ బీప్ రాండమ్ కాదు, మనిషి తీరిగ్గా ఫోన్ చూసుకునే వేళకి జరిగిపోయింది. పంపాల్సిన టైము, నిజంగా తెరమీదికొచ్చిన టైము, జవాబు టైము, మూడూ విడివిడిగా రికార్డు కావాలి. మొదటి రెండింటి మధ్య తేడా పెరుగుతుంటే మనిషికి ఫోన్ చేసి బుజ్జగించి లాభం లేదు, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ నియంత్రణ తీసేయించాలి.

ప్రశ్నల సంఖ్య గురించి ఒక్క మాట. లూవెన్‌లో ఐసెలె బృందం 163 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో రోజుకి 3, 6, 9 బీప్‌లు పెట్టి, 30 ప్రశ్నల ఫారం ఒక సగానికి, 60 ప్రశ్నల ఫారం ఇంకో సగానికి ఇచ్చారు. విసుగు తెప్పించి జవాబులు తగ్గించింది ఫారం పొడవు, బీప్‌ల సంఖ్య కాదు. వాళ్ళు విద్యార్థులు, మానేసే యాతనలో ఉన్న మనుషులు కాదు, అయినా నా అభిప్రాయం అటే మొగ్గుతుంది. బీప్‌లు తగ్గించేముందు ప్రశ్నలు కోయండి. మన స్టడీకి చిరాకు, దిగులు, క్రేవింగ్, ఎక్కడున్నారు, పక్కన ఎవరైనా కాలుస్తున్నారా, ఇంతే చాలు.

ఇప్పుడు లెక్క. జవాబులన్నీ ఒకే కుప్పగా పోసి చిరాకుకీ క్రేవింగ్‌కీ కోరిలేషన్ తీస్తే ఏమవుతుందో చూడండి. ముగ్గురు మనుషులు. మొదటాయన చిరాకు మూడుసార్లు 1, 2, 3, క్రేవింగ్ ప్రతిసారీ 3. రెండో ఆయన చిరాకు 4, 5, 6, క్రేవింగ్ ప్రతిసారీ 5. మూడో ఆయన 7, 8, 9, క్రేవింగ్ ప్రతిసారీ 8. కుప్పగా చూస్తే చిరాకు పెరిగేకొద్దీ క్రేవింగ్ చక్కగా పెరుగుతోంది. కానీ ఏ ఒక్కరిలోనూ చిరాకు పెరిగినందుకు క్రేవింగ్ కదల్లేదు. చిరాకు మనుషులకి క్రేవింగ్ ఎక్కువ అన్నది ఒక నిజం, చిరాకు వచ్చిన క్షణాన క్రేవింగ్ పెరుగుతుందన్నది వేరే మాట. చిరాకు వచ్చిన క్షణంలో సహాయం చేసే యాప్ తయారుచేయాలంటే కావాల్సింది రెండోది.

అందుకే చిరాకుని రెండు ముక్కలు చేస్తాం, ఆ మనిషి సగటు ఒకటి, ఆ సగటు నుంచి ఆ క్షణం ఎంత దూరంలో ఉందన్నది ఇంకోటి. రెండూ మల్టీలెవెల్ మోడల్‌లో పక్కపక్కన పెడతాం. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఉంటుంది, `irr` అంటే చిరాకు, `crave` అంటే క్రేవింగ్, `id` అంటే మనిషి నంబర్:

```r
library(lme4)
pm <- function(x) mean(x, na.rm = TRUE)
d$irr_pm  <- ave(d$irr, d$id, FUN = pm)
d$irr_w   <- d$irr - d$irr_pm
d$crave_w <- d$crave - ave(d$crave, d$id, FUN = pm)
m <- lmer(crave_next ~ irr_w + irr_pm + crave_w + gap_min +
          factor(block) + (1 + irr_w | id), data = d)
```

`crave_next` అంటే అదే రోజు తర్వాతి బీప్ దగ్గరి క్రేవింగ్. రోజు చివరి బీప్‌కి అది ఖాళీగా ఉండాలి, మర్నాటి పొద్దున విలువ పొరపాటున అందులోకి దూరిందేమో ముందు చూసుకోండి, చాలా డేటాసెట్లలో దూరుతుంది. మధ్యలో ఒక బీప్ మిస్సయితే దాన్ని దాటి తర్వాతిదాన్ని జత చేయకూడదు, ఒకవేళ చేయాలనుకుంటే మధ్య నిమిషాలు `gap_min`లో నిజంగా ఎంతో అంతే ఉండాలి. `crave_w` పెట్టడం వల్ల ఇప్పుడున్న క్రేవింగ్‌ని లెక్కలోకి తీసుకున్నాక కూడా చిరాకు అదనంగా ఏమైనా చెబుతోందా అన్నది తెలుస్తుంది. `block` అంటే రోజులో ఎన్నో భాగమో, అది ఎందుకంటే సాయంత్రమయ్యేకొద్దీ చిరాకూ క్రేవింగూ రెండూ పెరగొచ్చు, అప్పుడు గడియారం చేసిన పనిని చిరాకు చేసిందని అనుకుంటాం. మానేసేముందు వారం, తర్వాత వారం కలిపి పెడితే ఆ తేడాకి కూడా మోడల్‌లో చోటివ్వాలి, మనిషి సగటు సైతం వారానికొకటి వేరుగా తీయడం మేలు.

చివర్లో ఉన్న `(1 + irr_w | id)` చాలామంది వదిలేస్తారు. అది ఒక్కో మనిషికీ చిరాకు ప్రభావం ఒక్కోలా ఉండనిస్తుంది. స్లోప్ అంటే చిరాకు ఒక మెట్టు పెరిగితే తర్వాతి క్రేవింగ్ ఎంత మారుతుందన్నది. సగటు స్లోప్ 0.20, మనుషుల మధ్య దాని స్టాండర్డ్ డీవియేషన్ కూడా 0.20 వచ్చిందనుకోండి. నార్మల్ పంపిణీ అనుకుంటే సుమారు 16 శాతం మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, స్లోప్ సున్నాకి కిందే ఉంటుంది. వాళ్ళకి చిరాకు వస్తే క్రేవింగ్ పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. వాళ్ళకి చిరాకు తగ్గించే వ్యాయామాలు నేర్పితే సిగరెట్ విషయంలో ఉపయోగం ఉండదు. సగటు ఒక్కటే రాసి వదిలేసే పేపర్లలో ఈ మనుషులు కనపడకుండా పోతారు, అది నాకు మింగుడుపడదు.

ఏమైనా అడగాలంటే అడగండి.

*(సభలోంచి: మేడమ్, మా సెంటర్‌కొచ్చేవాళ్ళలో బీడీ తాగే కూలీలు ఎక్కువ. చదవలేనివాళ్ళున్నారు, ఒక్కో ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. వాళ్ళతో ఇది చేయొచ్చా?)*

చేయొచ్చమ్మా, చేయాలి కూడా, కాకపోతే షెడ్యూల్ మారుతుంది. చదవలేనివాళ్ళకి రికార్డు చేసిన గొంతుతో కాల్ వెళ్ళేలా పెట్టండి, ప్రశ్న తెలుగులో వినిపిస్తుంది, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకె నొక్కుతారు, మామూలు బటన్ ఫోన్ చాలు. ప్రశ్నలు మూడుకి మించొద్దు. ఫోన్ ఎవరి దగ్గర ఏ గంటల్లో ఉంటుందో ముందే అడిగి ఆ గంటల్లోనే భాగాలు వేయండి, అది రోజులో నాలుగు గంటలే అయినా సరే, ఆ నాలుగు గంటల గురించే మాట్లాడుతున్నామని ఫలితంలో రాయండి. పనిలో చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పావుగంట కాకుండా అరగంట గడువిచ్చి, ఎత్తకపోతే ఒక్కసారి మళ్ళీ కాల్ వెళ్ళాలి, ఎన్నో కాల్‌కి ఎత్తారో రికార్డు కావాలి. ఇంట్లోవాళ్ళు ఎత్తే అవకాశం ఉంది కాబట్టి బీడీ అన్న మాట మొదట వినిపించకూడదు, వాళ్ళే ఎంచుకున్న రెండంకెల నంబర్ నొక్కాకే ప్రశ్న మొదలవ్వాలి. భార్యకో తండ్రికో తెలియకుండా మానే ప్రయత్నం చేసేవాళ్ళు ఉంటారు. ముందు ఐదారుగురితో వారం రోజులు నడిపి, ఏ గంటల్లో ఎత్తడం లేదో చూసి, అప్పుడు అసలు షెడ్యూల్ ఖాయం చేయండి.